ఎర్ర నేలలో సేద్యపు కుంట: ఎంత పెద్దగా తవ్వాలో ముందే లెక్క వేసుకోండి

అనంతపురం లాంటి చోట వేరుశనగ పండేదీ ఎండేదీ చాలాసార్లు ఒక్క తడి దగ్గరే తేలిపోతుంది. సంవత్సరానికి దాదాపు 550 మి.మీ. వాన పడే ప్రాంతమిది. అందులో ఎక్కువ భాగం నాలుగైదు గట్టి వానల్లో పడిపోతుంది. మధ్యలో ఇరవై, ముప్పై రోజుల బెట్ట వస్తుంది. ఆ బెట్ట సరిగ్గా ఊడలు దిగే సమయంలో పడితే కాయ నిలవదు. 2016 ఖరీఫ్‌లో రెయిన్ గన్లతో రక్షక తడులు ఇచ్చింది ఇలాంటి బెట్ట నుంచి పంటను తప్పించడానికే. గన్ ఉన్నా, పైపులు ఉన్నా, ఆ రోజున కుంటలో నీళ్లు ఉంటేనే కదా తడి ఇచ్చేది.

కుంట తవ్వించేటప్పుడు చాలామంది అడిగేది "ఎన్ని మీటర్లకు మంజూరైంది?" అని. అడగాల్సింది వేరు. నా పొలం మీదుగా ఎంత నీరు పారుతుంది, అందులో ఎంత ఇంకిపోతుంది, వాన పడిన రోజుకీ తడి కావాల్సిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు? ఈ మూడూ తెలిస్తే కుంట కొలత దానంతట అదే వస్తుంది. ఐదు ఎకరాల ఎర్ర నేలను తీసుకుని ఆ లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు తడి లెక్క

ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే సుమారు 4 ఘనపు మీటర్ల నీరు, అంటే 4,000 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

వేరుశనగకు బెట్టలో 20 మి.మీ. తడి ఇస్తే వేరు మండలం మళ్లీ పదునెక్కుతుంది. ఐదెకరాల్లో మూడెకరాలను కాపాడుకోవాలని అనుకుందాం. 3 × 4 × 20 = 240 ఘనపు మీటర్లు. స్ప్రింక్లర్లతో కొట్టినా గాలికీ ఎండకీ పైపుల లీకులకీ ఐదో వంతు పోతుంది కాబట్టి కుంటలోంచి 300 ఘనపు మీటర్లు తోడాలి. ఐదెకరాలకూ తడి ఇవ్వాలని ఆశపడకండి. నీళ్లు చాలనప్పుడు ఐదెకరాలకు పల్చగా పంచడం కంటే మూడెకరాలకు సరిగా ఇవ్వడం మేలు. పైపైన తడిసిన ఎర్ర నేల రెండు రోజుల్లో మళ్లీ గట్టిపడి ఊడను లోపలికి దిగనివ్వదు.

పొలం మీదుగా ఎంత పారుతుంది

"మొత్తం వానలో పది శాతం పారుతుంది" అనే లెక్కతో కుంట కట్టకండి. పది మి.మీ. చొప్పున పది వానలు పడితే నూరు మి.మీ. అవుతుంది, కానీ కుంటలోకి చుక్క రాదు. నేల మొత్తం తాగేస్తుంది. అదే నూరు మి.మీ. రెండు వానల్లో పడితే కుంటకు కావలసినంత వస్తుంది. కాబట్టి చూడాల్సింది ఒక్కో రోజు వానను.

మీ మండలం రోజువారీ వర్షపాతం రికార్డు పదేళ్లది సంపాదించండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా 30 మి.మీ. దాటిన వానలు ఏ ఏడాది ఎన్ని పడ్డాయో, ఏ తేదీల్లో పడ్డాయో రాసుకోండి. తర్వాత ఒక్కో వానకు ఎంత పారుతుందో ఈ సూత్రంతో కట్టవచ్చు. దీన్ని కర్వ్ నంబర్ పద్ధతి అంటారు.

```
S = 25400/CN - 254
Q = (P - 0.3*S)^2 / (P + 0.7*S)
```

P ఆ రోజు వాన, Q పారే నీరు, S నేల పట్టుకోగల నీరు, మూడూ మిల్లీమీటర్లలో. P విలువ 0.3*S కంటే తక్కువైతే ఏమీ పారదు. CN అంటే కర్వ్ నంబర్, అది నేలనూ పైరునూ బట్టి మారుతుంది. వేరుశనగ వేసిన, పైన గట్టి పొర కట్టే ఎర్ర నేలకు 80 దగ్గర తీసుకుని లెక్క చేద్దాం. అప్పుడు 30 మి.మీ. వానకు పారేది ఒకటిన్నర మి.మీ. మాత్రమే. 40 మి.మీ. వానకు 5, 50 మి.మీ. వానకు 10, 70 మి.మీ. వానకు 22 మి.మీ. పైనే. వాన రెట్టింపు కాకుండానే పారే నీరు నాలుగు రెట్లు ఎలా అవుతోందో గమనించండి. నేల అప్పటికే తడిసి ఉంటే ఇంకా ఎక్కువ పారుతుంది, కొత్తగా దున్నిన మెత్తటి దుక్కి మీద చాలా తక్కువ.

ఇక బాగా కురిసిన ఏడాదిని కాకుండా, పదేళ్లలో ఏడెనిమిదేళ్లు కనీసం అంత పడుతుందని చెప్పగలిగిన ఏడాదిని తీసుకోండి. మన ఉదాహరణలో అలాంటి ఏడాదిలో మూడు గట్టి వానలు పడ్డాయని అనుకుందాం: మొదట 40 మి.మీ., పదిహేను రోజులకు 50, మరో పది రోజులకు 40. ఆ తర్వాత ఇరవై రోజుల బెట్ట. ఐదెకరాల నీరంతా కుంటకు చేరితే మొదటి వానకు 100 ఘనపు మీటర్లు, రెండోదానికి 200, మూడోదానికి 100. మొత్తం 400. మనకు కావలసింది 300. కాగితం మీద సరిపోయినట్టే ఉంది. కానీ అది మొదటి రోజు నుంచి తడి రోజు దాకా, అంటే నలభై ఐదు రోజులు కుంటలో నిలవాలి.

ఎంత ఇంకిపోతుంది

ఎక్కువ కుంటలు దెబ్బతినేది ఇక్కడే. ఎర్ర నేలలో పైన రెండు మూడు అడుగులు ఎర్రమట్టి, దాని కింద గరుసు, మొరం. పైమట్టి నీటిని కొంత నిలుపుతుందేమో గాని మొరం నిలపదు. మూడు మీటర్లు తవ్వితే కుంట అడుగు మొరంలోనే ఉంటుంది.

చుట్టుపక్కల అదే నేలలో రెండు మూడేళ్ల పాత కుంట ఉంటే కొలతకు అంతకంటే మంచిది లేదు. వాన తర్వాత నీళ్లు నిండినప్పుడు మీటరు, సెంటీమీటరు గుర్తులు వేసిన కర్రను నీటిలో పాతండి. ఒడ్డున అంచు కొద్దిగా పైకి ఉండేలా ఒక వెడల్పాటి బేసిన్‌ను నేలలో పూడ్చి నీళ్లు పోసి దానికీ గుర్తు పెట్టండి. వానా మోటారూ లేని ఐదారు రోజులు ఒకే వేళకు రెండూ చూడండి. కుంటలో రోజుకు 31 మి.మీ. తగ్గి, బేసిన్‌లో 6 మి.మీ. తగ్గిందనుకోండి, ఆ ఆరు ఎండకు ఆవిరైనది, మిగతా 25 నేలలోకి ఇంకినది. బేసిన్ చిన్నది కాబట్టి కుంట కంటే కాస్త వేడెక్కి ఎక్కువే ఆవిరవుతుంది. ఆ తేడా పెద్దది కాదు, పట్టించుకోనక్కర్లేదు.

దగ్గర్లో కుంట లేకపోతే కుంట అడుగు వచ్చే లోతు దాకా జేసీబీతో ఒక గుంత తీయించండి. మొదటి రెండు రోజులు నీళ్లు పోస్తూ గోడలను తడపండి, ఆ అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు. పొడి మట్టి మొదట ఎగబడి తాగుతుంది. మూడో రోజు నుంచి పైన టార్పాలిన్ కప్పి ఇరవై నాలుగు గంటలకు ఎంత దిగిందో చూడండి. చిన్న గుంతలో నీరు పక్కలకు ఎక్కువగా పోతుంది కాబట్టి పెద్ద కుంటలో కంటే అంకె ఎక్కువగానే వస్తుంది. అందుకే దీన్ని ఖచ్చితమైన లెక్కగా కాకుండా హెచ్చరికగా తీసుకోండి. రోజుకు వంద మి.మీ. దిగితే, నీరు ఇంకకుండా లోపల వేసే పూత లేనిదే అక్కడ కుంట నిలవదని తెలిసినట్టే. ఐదారు మి.మీ. దిగితే పూత ఖర్చు దండగ.

నల్లరేగడిలో కథ వేరు. తడిసి ఉబ్బిన నల్లమట్టి నీటిని బాగా నిలుపుతుంది, చాలాచోట్ల పూత అక్కర్లేదు. ఎండాకాలంలో పగుళ్లు విచ్చిన కుంటలో మొదటి వాన నీళ్లు మాత్రం ఆ పగుళ్లలోకే పోతాయి.

కొలత తేల్చడం

కుంట గోడలు నిలువుగా ఉంటే కూలిపోతాయి. ఎర్ర నేలలో ఒక మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్లు పక్కకు వచ్చేలా వాలు ఇవ్వాలి. పైన 17 × 17 మీటర్లు, లోతు 3 మీటర్లు అనుకుంటే అడుగు 8 × 8, మధ్య 12.5 × 12.5 వస్తుంది. ఇందులో పట్టే నీరు:

```
V = (A + 4*B + C) * D / 6
  = (289 + 4*156.25 + 64) * 3 / 6
  = 489
```

A పై విస్తీర్ణం, B మధ్య, C అడుగు, D లోతు. వచ్చేది 489 ఘనపు మీటర్లు. 300 కావలసిన చోట 489 అంటే ఎవరికైనా ధైర్యంగా ఉంటుంది. పూత లేకుండా, రోజుకు 31 మి.మీ. తగ్గుదలతో ఇందులో ఏం మిగులుతుందో చూద్దాం.

మొదటి వానకు 100 ఘనపు మీటర్లు వచ్చాయి, ఒక మీటరు పైచిలుకు లోతు. పదిహేను రోజుల్లో దాదాపు అర మీటరు దిగి 48కి చేరింది. రెండో వానకు 200 వచ్చి 248 అయ్యింది. పది రోజుల్లో అది 191కి పడింది. మూడో వానకు 100 కలిసి 290 దాకా వెళ్లింది. బెట్ట ఇరవై రోజులు ముగిసేసరికి మిగిలింది 173. అడుగున ఒక అడుగు లోతు బురద నీరు పంపు లాగదు, అది 20 పైనే. చేతికి వచ్చేవి సుమారు 150 ఘనపు మీటర్లు. మూడెకరాలకు అనుకున్న తడి ఒకటిన్నర ఎకరానికే వస్తుంది. కుంటను ఇంకా పెద్దగా తవ్వినా లాభం లేదు. పెద్ద కుంటలో నీరు వెడల్పుగా, పల్చగా పరుచుకుని మరింత ఇంకిపోతుంది. వచ్చే నీరే అంతంతమాత్రం అయినప్పుడు ఖాళీగా ఉండే గొయ్యి వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు 15 × 15 మీటర్లు, అంతే లోతు, అంతే వాలు, లోపల పూత. పట్టేది 351 ఘనపు మీటర్లు. పూత బాగుంటే తగ్గేది దాదాపు ఆవిరయ్యే ఆరు మి.మీ. మాత్రమే. మొదటి వాన 100లో పదిహేను రోజులకు 90 నిలిచింది. రెండో వానతో 290, పది రోజులకు 279. మూడో వానకు కుంట నిండి కొంత అలుగు పారింది. ఇరవై రోజుల బెట్ట తర్వాత 324 ఉంది. బురద నీరు పోను 310 పైనే తోడుకోవచ్చు. మూడెకరాలకూ తడి అందింది. తవ్వకం 138 ఘనపు మీటర్లు తక్కువ, నీరు రెట్టింపు.

అందుకే నా మాట ఇది: ఇంకుడు ఎక్కువున్న ఎర్ర నేలలో తడి కోసం కుంట తవ్వితే పూత ఖర్చుతో కలిపే లెక్క వేసుకోండి. పూతకు డబ్బు లేకపోతే దాన్ని బోరుకు ఊటనిచ్చే కుంటగా తవ్వుకోండి, అదీ మంచి పనే. కానీ దాని మీద ఆధారపడి తడి లెక్కలు వేయకండి.

తవ్వేటప్పుడు

గట్టి వాన పడుతున్నప్పుడే పొలంలో నడిచి చూడండి. నీళ్లు ఎటు చేరి ఎక్కడ గట్టు దాటుతున్నాయో ఆ చోటికి కాస్త పక్కనే కుంట స్థలం. వాగులో, వంకలో మాత్రం తవ్వకండి. ఒక్క వరదకే పూడిపోతుంది. పైపొలం నీరు కూడా మీ కుంటకే వస్తుందని లెక్కేసుకుంటే ఆ పొలం వారితో ముందే మాట్లాడుకోండి. వాళ్లు రేపు గట్టు వేసుకుంటే మీ కుంటకు వచ్చే నీరు ఆగిపోతుంది.

తవ్విన పైమట్టిని విడిగా పోయించి పొలంలోనే చల్లుకోండి. మొరాన్ని కుంట అంచుకు ఒక మీటరు దూరంలో కట్టగా పోసి తొక్కించండి. అంచునే పోస్తే మొదటి వానకే తిరిగి లోపలికి జారుతుంది. నీళ్లు వచ్చే దారిలో కుంటకు రెండు మూడు మీటర్ల ముందు ఒక చిన్న పూడిక గుంత పెట్టాలి. వరద అక్కడ ఆగి, మట్టి దించుకుని, తేటగా లోపలికి వెళుతుంది. లోపలికి దిగే చోట వాలు మీద రాళ్లు పరచండి. రెండో వైపు కట్ట కంటే కనీసం ఒక అడుగు కిందుగా అలుగు పెట్టండి. అలుగు లేని కుంట నిండిన రోజే కట్ట తెంచుకుంటుంది.

పూతకు ఎర్ర నేలల్లో బాగా పనికొచ్చేది మట్టి–సిమెంట్ పూత. జల్లెడ పట్టిన ఎర్రమట్టి 6 పాళ్లు, సిమెంట్ 1 పాలు కలిపి, వాలునూ అడుగునూ తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టి 5 సెంటీమీటర్ల మందాన పూయాలి. 15 × 15 కుంటకు పూయాల్సిన విస్తీర్ణం 263 చదరపు మీటర్లు, సిమెంట్ అరవై నుంచి డెబ్బై బస్తాలు. పని చెడేది ఎక్కువగా పూయడంలో కాదు, తడపడంలో. మేలో పూసి నీళ్లు లేక వదిలేస్తే మూడో రోజుకే జుట్టు పగుళ్లు వస్తాయి. పాత గోనె సంచులు పరిచి రెండు వారాలు తడిగా ఉంచగలిగితేనే పని మొదలుపెట్టండి. ట్యాంకర్ నీళ్ల ఖర్చును అంచనాలోనే రాసుకోండి.

మరో దారి 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీట్. ఇంకుడును ఇంకా బాగా ఆపుతుంది. కింద రాళ్లూ వేర్లూ ఏరేసి మెత్తటి మట్టి పరిచి, అంచులను చుట్టూ కాలువ తీసి పూడ్చాలి. మేకలు, కుక్కలు దిగితే చిరుగుతుంది. దానికంటే ముఖ్యం, షీట్ వేసిన కుంటలో జారిపడిన పిల్లవాడు పైకి ఎక్కలేడు. పెద్దవాళ్లూ ఎక్కలేరు. చుట్టూ కంచె, నాలుగు వైపులా అడుగు దాకా వేలాడే ముడుల తాళ్లు కట్టనిదే మొదటి నీళ్లు లోపలికి వదలకండి.

తడి ఎప్పుడు, ఎలా

వేరుశనగ ఆకులు మిట్టమధ్యాహ్నం ముడుచుకోవడం మామూలే. సాయంత్రం చల్లబడ్డాక కూడా విచ్చుకోకపోతే, మరునాడు ఉదయానికీ ఆకు వడలి కనిపిస్తే పదును అయిపోయినట్టు. ఊడలు దిగే దశలో, అంటే విత్తిన నలభై నుంచి అరవై రోజుల మధ్య, ఆ తర్వాత కాయ ఊరే దశలోనూ ఈ గుర్తు కనిపించిన వెంటనే పంపు దించండి. అంతకు ముందు, ఇంకా పూలు రాని పైరు కొంత బెట్టను తట్టుకుంటుంది, అప్పుడు నీళ్లు ఖర్చు పెట్టకండి.

పూత లేని కుంటైతే ఈ నియమం మారుతుంది. మన ఉదాహరణలోలా 290 ఘనపు మీటర్లు ఉన్నప్పుడు అందులోంచి రోజుకు ఆరేడు ఘనపు మీటర్లు పోతుంటాయి. పది రోజులు వేచి ఉంటే అర ఎకరానికి పైగా తడి నేలపాలే. కాబట్టి ఊడల దశలో వారం పది రోజులు వాన లేకపోతే, నేల కాస్త పదును మీద ఉన్నా, ఇచ్చేయండి. ఆ నీరు కుంటలో కంటే వేరు దగ్గరే భద్రం.

20 మి.మీ. పడిందో లేదో కంటితో తెలియదు. ఒకే వెడల్పుండే ఖాళీ డబ్బాలు ఆరేడు తీసుకుని, స్ప్రింక్లర్ దగ్గర, దూరంగా, రెండిటి మధ్య పెట్టండి. గంట తర్వాత స్కేలుతో కొలవండి. సగటు 8 మి.మీ. వస్తే రెండున్నర గంటలు నడపాలి. డబ్బాల్లో తేడా మరీ ఎక్కువుంటే గాలి వీస్తోందని అర్థం. తెల్లవారుజామున, సాయంత్రం నడపండి. పంపు ఎంత పోస్తోందో కూడా ఒకసారి చూసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 ఘనపు మీటర్లు. మన లెక్కలో ఎకరానికి 100 తోడాలి కాబట్టి ఐదున్నర గంటల పని. మూడెకరాలకు డీజిల్ ఎంత కావాలో ముందురోజే తెలిసిపోతుంది.

కుంట చెడుతోందని ఎలా తెలుస్తుంది

లోపల పాతిన కర్ర దగ్గర వారానికోసారి నీటి మట్టం రాస్తూ ఉండండి. రోజుకు ఆరేడు మి.మీ. దిగాల్సిన పూత కుంటలో ఇరవై దిగుతుంటే ఎక్కడో పగులు ఉంది. వెతుక్కోవడానికి ఒక సులువైన దారి ఉంది: మట్టం వేగంగా దిగుతూ దిగుతూ ఒక చోట నెమ్మదిస్తుంది. కర్ర మీద అది 1.4 మీటర్లయితే లీకు ఆ గీతకు కాస్త పైనే ఉంటుంది. ఆ ఎత్తున చుట్టూ తిరిగి చూస్తే పగులో, పంపు పైపు రాసుకున్న చోటో, ఎండ్రకాయ బొరియో దొరుకుతుంది. అడుగుదాకా అదే వేగంతో దిగిపోతే తప్పు అడుగున ఉంది. ఎండినప్పుడు గాని బాగు చేయలేరు.

గట్టి వానలు పడ్డా కుంట సగం కూడా నిండకపోతే ముందు నీరు వచ్చే దారిని చూడండి. పూడిక గుంత నిండిపోయి వరద పక్కకు మళ్లి ఉంటుంది, లేదా దుక్కిలో నాగలి కాలువను మూసేసి ఉంటుంది. దారి బాగానే ఉందంటే పారే నీటి లెక్కే ఎక్కువ వేసుకున్నారని అర్థం. అలాంటప్పుడు పక్కపొలం నీటిని మళ్లించుకునే వీలుందేమో చూడాలి. వేసవిలో పూడిక తీసేటప్పుడు పలుగు వాడకండి, పూత దెబ్బతింటుంది. పారతోనే మెల్లగా ఎత్తి, ఆ ఒండ్రును తిరిగి పొలంలోనే చల్లండి. పైపొలం నుంచి కొట్టుకొచ్చిన పైమట్టి అది.